వస్తారో రారో చెప్పని అతిథికి ఆ ఉదయం పంపే సందేశం

ఫంక్షన్ రోజు ఉదయం వరకూ వస్తామనీ, రామనీ చెప్పని వారికి పంపే చిన్న సందేశం ఆహ్వానమూ కాదు, గుర్తుచేయడమూ కాదు. ఆహ్వానం ఎప్పుడో అందింది. గుర్తుచేయడం వస్తామని మాట ఇచ్చినవారికి చేసేది. ఇక్కడ అవతలివారు ఏ మాటా ఇవ్వలేదు. అందువల్ల ఈ సందేశం ఒకేసారి రెండు పనులు చేయాలి. ఏర్పాట్లు చేస్తున్నవారికి అవసరమైన జవాబు రాబట్టాలి, జవాబు ఇవ్వనివారికి తమను నిలదీస్తున్నారనిపించకూడదు. ఈ రెండోది తెలుగు ఇళ్లలో కాస్త కష్టమైన పని. బంధువుల మధ్య పిలుపే ముఖ్యం, పిలిచాక వస్తారనే లెక్క. మళ్లీ "వస్తున్నారా?" అని అడిగితే పిలిచినవారికే ఇష్టం తగ్గిందా అన్న అనుమానం వస్తుంది.

ఈ సందేశం ప్రతి సందర్భంలోనూ అవసరం కాదు. ఐదు వందల మంది వచ్చే పెళ్లిలో ఒక కుటుంబం వచ్చినా రాకపోయినా వంటలో తేడా ఉండదు. క్యాటరింగ్ వాళ్లు ప్లేట్ల లెక్క ముందే ఖాయం చేసుకుంటారు, పెళ్లి ఉదయం దాన్ని తగ్గించినా డబ్బు తగ్గదు. అలాంటప్పుడు అడగడం వల్ల ఏమీ మారదు, నొప్పించే అవకాశం మాత్రం ఉంటుంది. ఒక్క మనిషి రాకవల్ల ఏదో ఒక ఏర్పాటు మారేచోటే ఈ సందేశానికి పని ఉంది. కారులో సీటు, లాడ్జిలో గది, పరిమిత సంఖ్యలో కూర్చునే శిక్షణ తరగతి, వేరొకరు ఎదురుచూస్తున్న చోటు అలాంటివి. సందేశం రాసే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: "రాము అని జవాబు వస్తే ఈ ఉదయం ఏం మారుతుంది?" ఏమీ మారదనుకుంటే అడగనక్కర్లేదు.

ఒక ఇల్లు, ఒక కారు, రెండు సీట్లు

ఒక ఉదాహరణ తీసుకుంటే సంగతి తేలికగా అర్థమవుతుంది. విజయవాడలో కొత్తగా ఫ్లాట్‌లోకి మారిన కుటుంబం ఆదివారం సత్యనారాయణ వ్రతం పెట్టుకుంది. వ్రతం 10.30కి, భోజనాలు 12.30కి. వచ్చేవారు నలభై మంది. గుంటూరులో ఉన్న దగ్గరి బంధువుల కోసం డ్రైవర్ కాక ఆరుగురు పట్టే కారు మాట్లాడారు. అది 8.45కి బ్రాడీపేటలో బయలుదేరి మంగళగిరి మీదుగా వస్తుంది. నలుగురు వస్తామన్నారు. మిగతా రెండు సీట్లు ఇంటి యజమాని మేనమామ, ఆయన భార్య కోసం ఉంచారు. వారిని రెండు వారాల క్రితం ఫోన్ చేసి పిలిచారు. "చూద్దాం లేరా" అన్నారు. తర్వాత కుటుంబం వాట్సాప్ గ్రూపులో కారు వివరాలు పెడితే అందరూ ఏదో ఒకటి అన్నారు, ఆయన ఏమీ అనలేదు. అదే ఊళ్లో కొరిటెపాడులో ఉన్న అక్క, ఆమె కూతురు కారులో చోటు లేదనుకుని బస్సులో రావడానికి సిద్ధమయ్యారు. బస్సుకైతే వాళ్లు 8.15కల్లా ఇంటి నుంచి కదలాలి.

ఇక్కడ అడగడానికి నిజమైన కారణం ఉంది. మావయ్య రాకపోతే ఆ సీట్లలో అక్కా కూతురూ వస్తారు. అయితే ఆ కారణం భోజనం కాదు. నలభై మందికి వండే చోట ఇద్దరి వల్ల వంటవాళ్లు పులిహోర తగ్గించరు, అన్నం కూడా ఎలాగూ ఆఖరున వారుస్తారు. "వంట లెక్క కోసం అడుగుతున్నాం" అని రాస్తే అది సాకు అని పెద్దవాళ్లు వెంటనే పసిగడతారు. సందేశంలో చెప్పే కారణం చిన్నదైనా నిజమైనది కావాలి.

ఎప్పుడు పంపాలి

సమయాన్ని రెండు వైపుల నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. మొదటిది, అతిథి ఎప్పుడు బయలుదేరాలి. రెండోది, ఇంటివాళ్లు ఎప్పుడు నిర్ణయం తీసుకోవాలి. ఈ రెండింటిలో ఏది ముందయితే దానికంటే గంట ముందు సందేశం చేరాలి. పై ఉదాహరణలో కారు 8.45కి కదులుతుంది గానీ, అక్క 8.15కే బస్సుకు బయలుదేరుతుంది. ఆమెను ఆపాలంటే 8 గంటలకు సంగతి తేలాలి. కాబట్టి సందేశం 7 గంటలకు వెళ్లాలి.

అంతకంటే ముందు పంపితే నిద్రలోనో స్నానపూజల్లోనో ఉంటారు. ఎనిమిదికి పంపితే జవాబు వచ్చేలోపు అక్క బస్టాండులో ఉంటుంది. ఇదే లెక్కతో చూస్తే దూరంనుంచి వచ్చేవారికి ఈ ఉదయపు సందేశం పనికిరాదని తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు కారులో ఐదు గంటల ప్రయాణం. 10.30 వ్రతానికి రావాలంటే తెల్లవారుజామున ఐదింటికే బయలుదేరాలి. అలాంటివారిని ముందురోజు సాయంత్రమే అడగాలి. ఉదయం ఏడింటికి అడిగితే వాళ్లు దారిలోనైనా ఉంటారు, ఇంట్లోనైనా ఉంటారు. రెండు చోట్లా ఆ ప్రశ్నకు అర్థం లేదు.

ఎలా రాయాలి

పిలిచింది ఎవరో అడగాల్సిందీ వారే. పిలుపు ఇంటి యజమాని నోటి నుంచి వెళ్లి, ప్రశ్న ఇంకెవరో కుర్రాడి ఫోన్ నుంచి వస్తే హాజరు తీసుకున్నట్టుంటుంది. అడగాల్సింది కూడా నేరుగా ఆ మనిషినే, గ్రూపులో కాదు. గ్రూపులో పేరు పెట్టి అడిగితే పదిమంది ముందు నిలబెట్టినట్టవుతుంది. రాలేకపోవడానికి ఉన్న కారణం చెప్పుకోలేక ఆయన మరింత మౌనంగా ఉంటారు.

పై ఉదాహరణలో మేనల్లుడు రాయగలిగిన సందేశం ఇలా ఉంటుంది:

"మావయ్యా, శుభోదయం. ఇవాళ వ్రతం పదిన్నరకి, భోజనాలు పన్నెండున్నరకి. గుంటూరు నుంచి కారు 8.45కి బ్రాడీపేటలో బయలుదేరుతోంది. మీకూ అత్తయ్యకీ రెండు సీట్లు ఉంచాం. కారులో వస్తారా, మీ వీలునుబట్టి వేరేగా వస్తారా, ఈసారికి కుదరడం లేదా? ఏదైనా పరవాలేదు, ఎనిమిది లోపు ఒక్క మాట చెప్పండి. అక్కావాళ్లు బస్సులో వద్దామనుకుంటున్నారు, సీట్లుంటే కారెక్కమంటాను. ఇవాళ కుదరకపోతే తీరిగ్గా ఒకరోజు మీరిద్దరూ ఇంటికి రండి."

ఇందులో ఏ వాక్యం ఏ పని చేస్తోందో విడదీసి చూడవచ్చు. మొదట వేళలు ఉన్నాయి. అవి ఆయనకు తెలిసినవే కావచ్చు, అయినా పాత సందేశాలు వెతుక్కునే పని తప్పుతుంది. తర్వాత సీట్లు ఉంచామన్న మాట. అది "మీరు మా లెక్కలో ఉన్నారు" అని చెబుతుంది. వద్దనుకుని అడుగుతున్నారన్న అనుమానానికి ఇదే జవాబు. ఆ తర్వాతే ప్రశ్న, అందులో మూడు దారులు. మూడింటికీ సమానమైన చోటు ఇవ్వడంలోనే మెత్తదనం ఉంది. "ఏదైనా పరవాలేదు" అన్న మాట వెంటనే రావడం వల్ల రామని చెప్పడం కూడా ఒక మామూలు జవాబు అవుతుంది. గడువు ఉంది, ఆ గడువుకు కారణం కూడా పక్కనే ఉంది. కారణం లేని గడువు ఆజ్ఞలా వినిపిస్తుంది, అక్క బస్సు సంగతి చెప్పాక అది సహాయం అడిగినట్టు ఉంటుంది. చివరి వాక్యం ఈ రోజు రాకపోయినా సంబంధం ఎక్కడికీ పోదని చెబుతుంది.

లేని మాటలు కూడా గమనించదగ్గవే. "మీరింకా ఏమీ చెప్పలేదు" అన్న వాక్యం ఇందులో లేదు. అది నిజమే, ఆయనకూ తెలుసు. రాస్తే ప్రశ్న కంటే ముందు నింద చేరుతుంది. "మీరు రాకపోతే నాకు చాలా బాధ" అన్నదీ లేదు. అది ప్రేమతో రాసినా రాలేనివారి నోరు మూయిస్తుంది. ఎందుకు రావడం లేదన్న ప్రశ్న అసలే లేదు.

మూడు రకాల ప్రశ్న

తెలుగులో ఇదే విషయాన్ని అడిగే తీరులు మూడు వాడుకలో ఉన్నాయి. "రావడం లేదా?" అంటే రారని ముందే తేల్చుకున్నట్టు ఉంటుంది. వద్దామనుకుంటున్నవారికి కూడా చురుక్కుమంటుంది. "బయలుదేరారా?" అన్నది దీనికి పూర్తి వ్యతిరేకం. వస్తారన్న నమ్మకం, ఆప్యాయత అందులో ఉన్నాయి. వస్తామని మాట ఇచ్చినవారిని అలా అడగడమే బాగుంటుంది. మాట ఇవ్వనివారి విషయంలో మాత్రం అది చిక్కు తెస్తుంది. రాలేనివారు ఆ ఆప్యాయతకు ఎదురు చెప్పలేక "ఆ, బయలుదేరుతున్నాం" అనేస్తారు. కారు బ్రాడీపేటలో పదిహేను నిమిషాలు ఆగుతుంది, వాళ్లు రారు. "వస్తున్నారా?" అన్నది మధ్యస్థంగా ఉంటుంది గానీ అవును, కాదు అన్న రెండు జవాబులే దానికి ఉన్నాయి. మొహమాటపడేవారు "కాదు" అనలేక మళ్లీ "చూద్దాం" దగ్గరికే వెళతారు.

అందుకే "ఎలా వస్తారు" అన్నది కలిపి అడగడం మేలు. ఎలా, ఎన్నింటికి అని అడిగితే మనిషి తన ఉదయాన్ని ఒకసారి మనసులో నడిపి చూసుకుంటాడు. వచ్చేవాడైతే దారి ఖాయం చేసుకుంటాడు, రాలేనివాడికి ఆ సంగతి తనకే స్పష్టమవుతుంది. దీనికి పరిశోధన ఆధారం కూడా ఉంది. 2008లో అమెరికాలోని పెన్సిల్వేనియా ప్రైమరీ ఎన్నికల సమయంలో డేవిడ్ నికర్సన్, టాడ్ రోజర్స్ అనే పరిశోధకులు ఓటర్లకు ఫోన్లు చేయించారు. ఓటేస్తారా అని అడగడంతో ఆగకుండా, ఏ వేళకు వెళతారు, ఎక్కడి నుంచి వెళతారు, దానికి ముందు ఏం చేస్తుంటారు అని కొందరిని అడిగారు. ఫోన్ అందుకోని వారితో పోలిస్తే ఇలా అడిగినవారిలో ఓటు వేసినవారు సుమారు 4 శాతం పాయింట్లు ఎక్కువని తేలింది. ఇంట్లో ఓటరు ఒక్కరే ఉన్నచోట ప్రభావం మరింత కనిపించింది. ఆ ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. అది వ్రతాల గురించి కాదు గానీ, వస్తావా అనే దానికంటే ఎలా వస్తావన్న ప్రశ్న ఎక్కువ పని చేస్తుందనడానికి దాన్ని చూపవచ్చు.

మౌనం వెనుక ఏముంటుంది

జవాబు రాకపోవడానికి నిర్లక్ష్యమే కారణం అనుకోవడం తొందరపాటు. తెలుగు కుటుంబాల్లో శుభకార్యానికి రామని ముఖం మీద చెప్పడం మర్యాద కాదన్న భావన బలంగా ఉంది. "చూద్దాం", "ప్రయత్నిస్తాం" అన్నవి చాలాసార్లు రామనడానికే మెత్తని రూపాలు. అలా అన్నవారు తాము జవాబు చెప్పేశామనే అనుకుంటారు.

రెండో కారణం మైల. మావయ్య దాయాదుల్లో ఎవరైనా పోయి ఉంటే ఆ రోజుల్లో ఆయన వ్రతానికి రాలేరు. గోత్రం వేరు కాబట్టి మేనల్లుడి ఇంటికి ఆ మైల తగలదు, ఆ కబురే చేరి ఉండకపోవచ్చు. శుభకార్యం జరిగే ఇంటికి ఆ ఉదయాన చావు కబురు చెప్పడం ఇష్టంలేక ఆయన ఊరుకుని ఉండవచ్చు. ఇలాంటి మౌనంలో ఉన్న మర్యాదను "ఎందుకు రారు?" అన్న ఒక్క ప్రశ్న చెరిపేస్తుంది. సందేశంలో కారణం అడగకపోవడానికి ఇదే ముఖ్యమైన కారణం.

మూడోది పిలుపులో లోటు. ఇంటికి వచ్చి బొట్టుపెట్టి పిలవాల్సినవారిని ఫోన్‌లో పిలిచి ఉంటే, ఆ మౌనం నిజానికి అలక. అలకలో ఉన్నవారికి మరో మెసేజ్ పంపితే పని చెడుతుంది. దీన్ని గుర్తుపట్టే ఆనవాళ్లు ఉన్నాయి. ఆ ఇంటి ఆవిడ కూడా మాట్లాడటం మానేసి ఉంటుంది, ఇతర బంధువుల ద్వారా "మమ్మల్ని సరిగ్గా పిలవలేదు" అన్న మాట ఎక్కడో వినపడి ఉంటుంది. అలాంటప్పుడు సందేశం వద్దు. ఇంట్లో పెద్దవారు, కుదిరితే భార్యాభర్తలిద్దరూ, ఫోన్ చేసి మాట్లాడాలి. అందులో సీట్ల సంగతి తర్వాత, పిలుపే ముందు.

జవాబు వచ్చాక, రాకపోయినా

జవాబు స్పష్టంగా వస్తే పని తేలికే. వస్తామంటే కారు ఆగే చోటు చెబితే చాలు. రామంటే "అలాగే మావయ్యా, ప్రసాదం పంపిస్తాను" అన్నంత పొట్టిగా ముగించాలి. అక్కడ "అయ్యో, కాస్త చూడండి" అని బతిమాలితే ఏదైనా పరవాలేదన్న మొదటి మాట అబద్ధం అవుతుంది, మరోసారి ఆయన నిజం చెప్పరు.

చిక్కు వచ్చేది "చూస్తాం" అన్న జవాబుతో. ఫంక్షన్ ఉదయం దాన్ని సీటు విషయంలో లేదు అనీ, భోజనం విషయంలో ఉంది అనీ తీసుకోవడం సురక్షితం. సీటు ఒకరికే సరిపోతుంది, ఆగి చూడలేం. విస్తరి ఎప్పుడైనా వేయవచ్చు. ఆ నిర్ణయాన్ని ఆయనకు చెప్పాలి కూడా: "సరే మావయ్యా, ఆ సీట్లలో అక్కావాళ్లను ఎక్కిస్తాను. మీరు ఎప్పుడు వచ్చినా సరే." చెప్పకుండా సీట్లు ఇచ్చేసి, తీరా ఆయన 8.45కి బ్రాడీపేటలో నిలబడితే ఆ తప్పు ఇంటివాళ్లదవుతుంది.

జవాబే రాకపోతే ముందు సందేశం చేరిందో లేదో చూడాలి. వాట్సాప్‌లో ఒక్క టిక్కు ఉంటే అది ఆ ఫోన్‌కు ఇంకా చేరలేదు. నెట్ లేదు, లేదా ఫోన్ ఆగి ఉంది. అప్పుడు మామూలు కాల్ చేయాలి. రెండు బూడిదరంగు టిక్కులుంటే ఫోన్‌కు చేరింది గానీ చదవలేదని ఖాయంగా అనలేం. చదివినట్టు తెలిపే సదుపాయాన్ని కొందరు ఆపేసుకుంటారు, మరికొందరు పైన కనిపించే నోటిఫికేషన్‌లోనే చదివేస్తారు. నీలం టిక్కులు వచ్చినా అది ఫోన్ తెరుచుకుందనడానికే సాక్ష్యం. పెద్దవాళ్ల ఫోన్ మనవడి చేతిలో ఉండటం మామూలే. కాబట్టి టిక్కులను బట్టి కోపం తెచ్చుకోకూడదు.

7.40 వరకు జవాబు లేకపోతే ఒక్కసారి ఫోన్ చేయవచ్చు. ఎత్తకపోతే మళ్లీ మళ్లీ చేయకూడదు. 8 గంటలకు సీట్లు అక్కకు ఇచ్చేసి ఆ సంగతే రాయాలి: "మావయ్యా, మీరు పనిలో ఉన్నట్టున్నారు. కారులో అక్కావాళ్లు వస్తున్నారు. మీకు వీలైతే నేరుగా ఇంటికి రండి, భోజనాలు రెండింటి దాకా ఉంటాయి." ఇందులో ప్రశ్న లేదు. ఏం జరిగిందో, ఇంకా ఏది తెరిచి ఉందో మాత్రమే ఉంది. దీని తర్వాత ఆ రోజుకు మరో సందేశం అవసరం లేదు.

బంధుత్వం లేని చోట

పాల్గొనేవారి పేర్లు ముందే నమోదు చేసుకునే చిన్న తరగతులు, ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు వంటి చోట్ల పద్ధతి కొంచెం మారుతుంది. అక్కడ నష్టాన్ని నేరుగా చెప్పడం తప్పు కాదు, పనిచేస్తుంది కూడా. లండన్‌లోని బార్ట్స్ హెల్త్ ఆసుపత్రుల్లో జరిపిన ప్రయోగం 2015లో వెలువడింది. రోగులకు అపాయింట్‌మెంట్‌కు ముందు పంపే మెసేజ్‌లో, రాకపోతే ఆరోగ్య వ్యవస్థకు సుమారు 160 పౌండ్లు నష్టమని చేర్చారు. మామూలు మెసేజ్ అందుకున్నవారిలో 11.1 శాతం మంది రాకపోగా, ఖర్చు చెప్పిన మెసేజ్ అందుకున్నవారిలో అది 8.4 శాతమే.

శిక్షణ తరగతి నడిపేవారు దీన్ని తమకు తగ్గట్టు వాడుకోవచ్చు: "నమస్కారం. ఇవాళ ఉదయం 11 గంటల తరగతిలో మీ పేరు మీద సీటు ఉంది. ఇద్దరు ఖాళీ కోసం ఎదురుచూస్తున్నారు. మీరు వస్తున్నారా, లేక ఆ సీటు వారికి ఇవ్వమంటారా? 9 గంటల లోపు తెలపగలరు." ఎదురుచూసేవారు నిజంగా ఉంటేనే ఆ మాట రాయాలి. అదే వాక్యం మావయ్యకు పంపితే డబ్బు లెక్క చెప్పినట్టు ఉంటుంది. బంధువుల దగ్గర నష్టం మాట ఎత్తకుండా, ఆ సీటు ఎవరికి ఉపయోగపడుతుందో చెబితే అదే పని జరుగుతుంది.

ఈ సందేశానికి ఒక హద్దు ఉంది. వస్తామని చెప్పించడానికి ఇది సాధనం కాదు, సంగతి తెలుసుకోవడానికి మాత్రమే. రామన్న జవాబు ఎనిమిదిలోపు వచ్చినా అది తన పని పూర్తిగా చేసినట్టే, ఆ రెండు సీట్లలో ఇంకో ఇద్దరు సుఖంగా వస్తారు. ఇక పిలుపు అందుకున్నవారి వైపు నుంచి చూస్తే, రాలేకపోతున్నామన్న ఒక్క మాట ముందురోజే చెబితే ఈ సందేశం పంపాల్సిన అవసరమే ఉండదు. కారణం చెప్పనక్కర్లేదు, ఆ మాట చెబితే చాలు.